క్లోరిన్‌కు 35.48 వస్తోంది, పట్టికలో మాత్రం 35.45 ఉంది. తేడా ఎక్కడిది?

శ్రావ్య

ఐసోటోపుల పాఠంలో క్లోరిన్ సగటు పరమాణు ద్రవ్యరాశి కట్టమని ఒక లెక్క ఉంది. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో క్లోరిన్-35 వాటా 75.76 శాతం, క్లోరిన్-37 వాటా 24.24 శాతం అని ఇచ్చారు. నేను ఇలా చేశాను.

35 × 0.7576 = 26.516
37 × 0.2424 = 8.9688
కలిపితే 35.4848

పట్టికలో చూస్తే 35.45 ఉంది. గుణకారం మళ్లీ మళ్లీ సరిచూశాను, తప్పేం లేదు. శాతాలు కూడా కలిపితే సరిగ్గా 100 వస్తున్నాయి. మరి 0.03 ఎక్కడికి పోయింది? పరీక్షలో ఎలాగూ మార్కులు వేస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకు మాత్రం కారణం తెలియాలి.

కిరణ్ కె

ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదండీ. 75, 25 శాతాలు తీసుకుంటే 35.5 వస్తుంది, చాలా పుస్తకాల్లో అదే రాస్తారు. మీరు శాతాలు కాస్త ఖచ్చితంగా తీసుకున్నారు కాబట్టి 35.48 వచ్చింది. ఇంకా ఎక్కువ దశాంశాలున్న శాతాలు తీసుకుంటే 35.45కి చేరుతుంది. అంతా సవరింపుల వల్ల వచ్చే తేడానే.

శ్రావ్య

కిరణ్ గారూ, అదీ ఆలోచించాను. 35.48ని 35.45కి దించాలంటే క్లోరిన్-37 వాటా 22.5 శాతానికి పడిపోవాలి. 24.24 అని నాలుగంకెల్లో ఇచ్చిన విలువ సవరింపు వల్ల 22.5 అయిపోదు కదా?

మాధవి (మాస్ స్పెక్)

శ్రావ్యా, శాతాలు తప్పు కాదని నువ్వే తేల్చేశావు, ఆ దారిలోనే ఇంకో అడుగు వెయ్యి. లెక్కలో ఉన్నవి రెండే రకాల సంఖ్యలు. ఒకటి శాతాలు, రెండోది ఒక్కో ఐసోటోపు ద్రవ్యరాశి. శాతాలు సరైనవైతే తేడా రెండోదాంట్లోనే ఉండాలి.

నువ్వు 35, 37 అని వేసుకున్నావు. అవి ద్రవ్యరాశులు కావు, ద్రవ్యరాశి సంఖ్యలు. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే వచ్చేవి. లెక్కపెట్టినవి కాబట్టి ఎప్పుడూ పూర్ణాంకాలే. కానీ ఆ పరమాణువును నిజంగా తూస్తే వచ్చే విలువ వేరు. క్లోరిన్-35కి అది 34.96885, క్లోరిన్-37కి 36.96590. ఇప్పుడు అదే లెక్క మళ్లీ చేద్దాం.

34.96885 × 0.7576 = 26.4924
36.96590 × 0.2424 = 8.9605
కలిపితే 35.4529

నీ 0.03 ఇక్కడ ఉంది. రెండు ఐసోటోపులూ తమ ద్రవ్యరాశి సంఖ్య కంటే సుమారు 0.03 చొప్పున తేలిక. రెండూ దాదాపు ఒకేలా తగ్గాయి కాబట్టి సగటు కూడా అంతే తగ్గింది.

శ్రావ్య

అబ్బ, సరిగ్గా కుదిరింది! కానీ మేడమ్, ఇప్పుడు ఇంకో ప్రశ్న. 34.96885 ఎందుకు? 17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు ఉన్న పరమాణువు 35 కంటే తక్కువ ఎలా తూగుతుంది?

పవన్ ఇంజనీర్

నేను కొంచెం వేరే విషయం అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ద్రవ్యరాశి 35.45 అంటే, 17 ప్రోటాన్లు తీసేస్తే 18.45 న్యూట్రాన్లు ఉండాలి. 0.45 న్యూట్రాన్ అంటే ఏమిటి? ఒక న్యూట్రాన్ సగంలో ఎక్కడో ఆగిపోయి ఉంటుందా? లేకపోతే క్లోరిన్ నెమ్మదిగా ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతూ ఉంటుందా?

సుబ్బారావు మాస్టారు

పవన్ నాయనా, ఈ అనుమానం తరగతిలో చాలామందికి వస్తుంది, కొందరు బయటికి అడగరు. 35.45 తూగే క్లోరిన్ పరమాణువు లోకంలో ఒక్కటి కూడా లేదు. ప్రతి పరమాణువులోనూ న్యూట్రాన్లు 18 అయినా ఉంటాయి, 20 అయినా ఉంటాయి. మధ్యలో ఏమీ లేదు. క్లోరిన్-35, క్లోరిన్-37 రెండూ స్థిరమైనవే. ఒకటి ఇంకోటిగా మారడం లేదు. 35.45 అనేది కోటానుకోట్ల పరమాణువుల గుంపుకు చెందిన సంఖ్య, ఏ ఒక్కదానికీ చెందదు.

దీనికి కళ్లెదుట సాక్ష్యం కావాలంటే క్లోరిన్ వాయువును, కణాలను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి చూడాలి. అణువులో రెండు పరమాణువులు కాబట్టి విడిపోని అణువులకు మూడు పీక్‌లు వస్తాయి. రెండూ 35లైతే 70 దగ్గర, ఒకటి 35 ఇంకోటి 37 అయితే 72 దగ్గర, రెండూ 37లైతే 74 దగ్గర. 71 దగ్గర ఏమీ ఉండదు. పరమాణువులన్నీ 35.45 తూగితే ఒకే ఒక్క పీక్ 70.9 దగ్గర రావాలి కదా.

ఆ మూడు పీక్‌ల ఎత్తులు కూడా చూడు. రెండూ 35 కావడానికి అవకాశం 0.7576 × 0.7576, అంటే 57 శాతం. రెండూ 37 కావడానికి 0.2424 × 0.2424, అంటే 6 శాతం. మిగిలిన 37 శాతం కలగలుపు అణువులు. స్థూలంగా 9 : 6 : 1 నిష్పత్తి. పిల్లలు మూడు పీక్‌లు సమానంగా గీస్తారు, లేదా మధ్యదాన్ని ఎత్తుగా గీస్తారు. ఎత్తైనది 70 దగ్గరిదే.

పవన్ ఇంజనీర్

అర్థమైంది మాస్టారూ. అయితే పరమాణు ద్రవ్యరాశిని దగ్గరి పూర్ణాంకానికి సవరించి, పరమాణు సంఖ్య తీసేస్తే న్యూట్రాన్లు వస్తాయని మేం నేర్చుకున్న పద్ధతి?

సుబ్బారావు మాస్టారు

కొన్నిచోట్ల కలిసొస్తుంది, కొన్నిచోట్ల ముంచుతుంది. బ్రోమిన్ తీసుకో. పట్టికలో 79.904. సవరిస్తే 80, అందులోంచి 35 తీసేస్తే 45 న్యూట్రాన్లు. కానీ ప్రకృతిలో ఉన్న బ్రోమిన్ రెండు రకాలే, 79, 81. ఇంచుమించు సగం సగం. వాటిలో న్యూట్రాన్లు 44, 46. 45 న్యూట్రాన్లున్న బ్రోమిన్-80ని ప్రయోగశాలలో తయారు చేయొచ్చు కానీ అది నిలవదు, తొందరగా క్షయమైపోతుంది. అంటే నీ పద్ధతి ప్రకృతిలో లేని పరమాణువును చూపించింది. ఒకే ఐసోటోపు వాటా చాలా ఎక్కువగా ఉన్న మూలకాలకే ఆ పద్ధతి నప్పుతుంది.

కిరణ్ కె

శ్రావ్య అడిగిన రెండో ప్రశ్నకు నేను చెప్తాను. ప్రోటాన్, న్యూట్రాన్ బరువులు సరిగ్గా 1 కావు. ప్రోటాన్ 1.00728, న్యూట్రాన్ 1.00866. ఎలక్ట్రాన్లు కూడా కొంచెం కలుస్తాయి. అందుకే పూర్ణాంకం రాదు.

మాధవి (మాస్ స్పెక్)

కిరణ్ గారూ, మీరు చెప్పిన విలువలు సరైనవే. కానీ వాటితో కూడి చూడండి, తేడా ఎటువైపు వెళ్తుందో తెలుస్తుంది. ఎలక్ట్రాన్‌తో కలిపి ఒక హైడ్రోజన్ పరమాణువు 1.007825.

17 హైడ్రోజన్ పరమాణువులు = 17.1330
18 న్యూట్రాన్లు = 18.1560
మొత్తం = 35.2890

విడివిడిగా తూస్తే 35.289 రావాలి. క్లోరిన్-35గా కలిసి ఉన్నప్పుడు తూస్తే 34.969. విడిభాగాల బరువు మాత్రమే కారణమైతే క్లోరిన్ 35 కంటే ఎక్కువ తూగాలి. అది తక్కువ తూగుతోంది. 0.320 తగ్గింది.

ఆ తగ్గినది బంధన శక్తి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి కేంద్రకంగా ముడిపడినప్పుడు శక్తి బయటికి వెళ్లిపోతుంది. శక్తి వెళ్లిందంటే దానికి సమానమైన ద్రవ్యరాశి కూడా వెళ్లినట్టే. ఒక ద్రవ్యరాశి యూనిట్‌కు 931.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు లెక్క, అంటే క్లోరిన్-35కి సుమారు 298 మిలియన్. దాన్ని 35 కణాలకు పంచితే ఒక్కోదానికి 8.5. రసాయన బంధాల్లో శక్తి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులే ఉంటుంది. అందుకే అణువు ఏర్పడేటప్పుడు పోయే ద్రవ్యరాశి త్రాసుకు అందదు. కేంద్రకంలో పోయేది మాత్రం మొదటి దశాంశంలోనే కనిపిస్తుంది.

శ్రావ్య

ఒక్కటి అర్థం కాలేదు మేడమ్. 0.320 తగ్గితే 35 నుంచి కూడా చాలా దూరం జరగాలి. మరి 34.969, అంటే 35కి అంత దగ్గరగా ఎలా వచ్చింది? ఇది కాకతాళీయమా?

మాధవి (మాస్ స్పెక్)

ఈ థ్రెడ్‌లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. కాకతాళీయం కాదు.

మనం తూచే యూనిట్ దేన్నుంచి వచ్చిందో చూడు. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిని సరిగ్గా 12 అని పెట్టుకుని, అందులో పన్నెండో వంతును ఒక యూనిట్ అన్నారు. ఆ కార్బన్-12 కూడా ముడిపడిన కేంద్రకమే. దాంట్లోని ఆరు ప్రోటాన్లు, ఆరు న్యూట్రాన్లు కూడా తమ ద్రవ్యరాశిలో కొంత పోగొట్టుకున్నాకే 12 అయ్యాయి. ఒక్కో కణానికి 7.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల చొప్పున పోయింది. అంటే మన తూకపురాయిలోనే ఆ తరుగు కలిసిపోయి ఉంది. క్లోరిన్‌లో తరుగు ఒక్కో కణానికి 8.5, కార్బన్‌లో 7.7. మనకు పట్టికలో కనిపించేది ప్రధానంగా ఈ రెండింటి మధ్య తేడా మాత్రమే. అది చిన్నది కాబట్టి విలువ 35 పక్కనే ఆగింది. కార్బన్ కంటే గట్టిగా ముడిపడింది కాబట్టి 35కి కిందివైపు ఆగింది.

కార్బన్ కంటే వదులుగా ముడిపడినవి పైవైపు ఉంటాయి. లిథియం-7 ద్రవ్యరాశి 7.016. హైడ్రోజన్-1లో ముడిపడడానికి ఇంకో కణమే లేదు, అది 1.0078. యురేనియం-238 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పైకి, 238.051. మధ్యలో ఉన్నవి చాలావరకు కిందివైపే.

కాబట్టి పూర్ణాంకం కాకపోవడానికి కారణాలు రెండు, వాటి సైజులు కూడా వేరు. క్లోరిన్ విషయంలో 35 నుంచి 35.48 దాకా లాగింది ఐసోటోపుల మిశ్రమం. అక్కడినుంచి 35.45కి దించింది బంధన శక్తి.

ఆదిత్య

రెండో కారణాన్ని ఒంటరిగా చూడాలంటే ఫ్లోరిన్ చూడండి. ప్రకృతిలో దానికి ఒకే ఒక్క ఐసోటోపు, ఫ్లోరిన్-19. సగటు కట్టాల్సిన పనే లేదు. అయినా పట్టికలో 18.998. సోడియం 22.990, అల్యూమినియం 26.982, బంగారం 196.97 కూడా అంతే, ఒక్కో ఐసోటోపే. "ఐసోటోపులు ఉన్నాయి కాబట్టి పూర్ణాంకం రాదు" అని ఒక్క వాక్యంలో రాసేవాళ్లు వీటి దగ్గర ఇరుక్కుంటారు.

ఇంకో మాట. క్లోరిన్ చరిత్రలో కూడా చాలామందిని ఇబ్బంది పెట్టింది. మూలకాల పరమాణు భారాలన్నీ హైడ్రోజన్‌కు పూర్ణ గుణిజాలని 1815లో విలియం ప్రౌట్ ప్రతిపాదించాడు. కొలతలు మెరుగుపడేకొద్దీ చాలా మూలకాలు పూర్ణాంకాల పక్కనే ఉన్నాయి గానీ క్లోరిన్ మాత్రం 35.5 దగ్గర మొండికేసింది. సమాధానానికి వందేళ్లు పట్టింది. 1913లో సాడీ ఐసోటోపు అనే మాట తెచ్చాడు. 1919లో ఆస్టన్ మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ కట్టాడు, ఆ తర్వాత క్లోరిన్ రెండు గీతలుగా విడిపోయి కనిపించింది. ప్రౌట్ ఊహలో నిజం ఉందని నా అభిప్రాయం. అతని దగ్గర ఉన్నది మిశ్రమం, ఆ సంగతి తెలిసే అవకాశం అప్పట్లో లేదు.

కిరణ్ కె

ఆదిత్య గారూ, ఫ్లోరిన్ ఉదాహరణ బాగుంది. నేను శాతాల సవరింపు అన్నది ఇక్కడ పనికిరాదని ఒప్పుకుంటున్నాను. కానీ ఒక సందేహం మిగిలింది. మా పాత పట్టికలో క్లోరిన్ 35.453 అని మూడు దశాంశాలు ఉన్నాయి. కొత్తదాంట్లో 35.45 మాత్రమే. కొలతలు రోజురోజుకూ మెరుగవుతుంటే అంకెలు పెరగాలి గానీ తగ్గడమేంటి?

మాధవి (మాస్ స్పెక్)

కొలత మెరుగైంది కాబట్టే అంకె తగ్గింది. ఒక్కో ఐసోటోపు ద్రవ్యరాశి చాలా దశాంశాల దాకా తెలుసు, అది ఎక్కడ కొలిచినా మారదు. మారేది వాటా. ఆవిరి కావడం, కరగడం, స్ఫటికాలు కట్టడం, జీవుల్లో జరిగే చర్యలు, వీటన్నిటిలో తేలిక ఐసోటోపు, బరువు ఐసోటోపు ఒకే వేగంతో నడవవు. అందువల్ల ఒక చోటి క్లోరిన్‌కు, ఇంకో చోటి క్లోరిన్‌కు శాతాలు కొద్దిగా తేడాగా ఉంటాయి. పరికరాలు ఆ తేడాను పట్టేంత బాగుపడ్డాక, అన్ని నమూనాలకూ ఒకే 35.453 అని రాయడం తప్పని తేలింది.

అందుకే అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయుపాక్ 2009 సవరణల నుంచి కొన్ని మూలకాలకు ఒక్క విలువ బదులు హద్దులు ఇస్తోంది. క్లోరిన్‌కు 35.446 నుంచి 35.457 వరకు. మామూలు లెక్కలకు 35.45 వాడమంటారు. కార్బన్‌కు 12.0096 నుంచి 12.0116 వరకు. ఫ్లోరిన్‌కు మారడానికి రెండో ఐసోటోపే లేదు కాబట్టి 18.9984032 అంటూ బోలెడు అంకెలు ధైర్యంగా రాస్తారు. పట్టికలో ఏ మూలకానికి ఎన్ని దశాంశాలు ఉన్నాయో చూస్తే, ప్రకృతిలో దాని మిశ్రమం ఎంత నిలకడగా ఉంటుందో చాలావరకు చెప్పేయొచ్చు.

లలిత

నేను చాలాకాలంగా ఒక సమస్యతో సతమతమవుతున్నాను, ఈ చర్చ చూశాక దానికీ దీనికీ సంబంధం ఉందేమో అనిపించింది. మేం నీటి నమూనాల్లో లిథియం కొలుస్తాం, ఐసోటోపులను ద్రవ్యరాశి వారీగా విడివిడిగా చదివే ఐసీపీ-ఎంఎస్ పరికరం మీద. ప్రమాణ ద్రావణాన్ని లిథియం కార్బొనేట్ నుంచి మేమే తయారు చేసుకుంటాం. ద్రవ్యరాశి 7 దగ్గర చదివితే, విలువ తెలిసిన చెక్ నమూనాకు ప్రతిసారీ నాలుగు శాతం దాకా తక్కువ వస్తుంది. అదే నమూనాను 6 దగ్గర చదివితే దాదాపు రెట్టింపు వస్తుంది. తూకం, పలుచన చేయడం, గాజుసామాను అన్నీ మార్చి చూశాం. ఫలితం అదే. పరికరం పాడైందని సర్వీసు వాళ్లను పిలిచాం, వాళ్లు అంతా బాగుందన్నారు.

సుబ్బారావు మాస్టారు

అమ్మా, కార్బొనేట్ తేమ పీల్చుకుని ఉండొచ్చు. ఆరబెట్టకుండా తూస్తే ప్రమాణ ద్రావణం బలం తగ్గుతుంది.

మాధవి (మాస్ స్పెక్)

మాస్టారూ, తేమ అయితే 6, 7 రెండు చోట్లా ఒకేవైపు, ఒకే నిష్పత్తిలో తేడా రావాలి. లలిత గారికి ఒకచోట తక్కువ, ఇంకోచోట బాగా ఎక్కువ వస్తోంది. అంటే ప్రమాణ ద్రావణంలో మొత్తం లిథియం సరిగ్గానే ఉండి, 6కీ 7కీ మధ్య పంపకం నమూనాలో కంటే వేరుగా ఉండాలి.

లలిత గారూ, మీ సీసాలోనిది ప్రకృతి లిథియం కాకపోయే అవకాశం చాలా ఉంది. ప్రకృతిలో లిథియం-6 సుమారు 7.6 శాతం, మిగిలింది లిథియం-7. హైడ్రోజన్ బాంబుల కోసం లిథియం-6ను పెద్ద ఎత్తున వేరుచేసి తీసేవారు. తీసేశాక మిగిలిన లిథియం మామూలు రసాయనంగా మార్కెట్లోకి వచ్చింది. ఐయుపాక్ ఈ మూలకం గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. పట్టికలో 6.94 ఉన్నా, ప్రయోగశాల సీసాల్లో 6.996 దాకా తూగే లిథియం దొరికింది.

ఒక ఊహ వేసి లెక్క కట్టి చూద్దాం. మీ సీసాలో లిథియం-6 సగానికి తగ్గి 3.75 శాతం ఉందనుకోండి. అప్పుడు లిథియం-7 వాటా 96.25 శాతం. ప్రకృతి నమూనాలో అది 92.41 శాతం. 7 దగ్గర చదివినప్పుడు పరికరం 92.41ని 96.25తో పోలుస్తుంది, నిష్పత్తి 0.96. మీకు వచ్చే నాలుగు శాతం తక్కువ ఇదే. 6 దగ్గర 7.59ని 3.75తో పోలుస్తుంది, నిష్పత్తి 2.02. మీ రెట్టింపు ఇదే. రెండు తేడాలూ ఒకే ఊహతో కుదరడం వల్లే నాకు ఇంత నమ్మకం.

లలిత

రెండు అంకెలూ కుదిరాయి! నాకు చేతులు ఆడట్లేదు. మరి దీన్ని ఖాయం చేసుకోవడం ఎలా? సీసా మీద అణుభారం 73.89 అనే ఉంది.

మాధవి (మాస్ స్పెక్)

లేబుల్ మీది అణుభారం సాధారణంగా పట్టికలోంచి తీసి వేసేది. ఆ సీసాలోని లిథియాన్ని కొలిచి రాసిందని అనుకోవద్దు.

మీ పరికరంతోనే తేలిపోతుంది. సీసాలోని కార్బొనేట్‌ను పలుచన చేసి, 7 దగ్గర సంకేతాన్ని 6 దగ్గరి సంకేతంతో భాగించండి. తర్వాత ఐసోటోపు వాటాలు ధ్రువీకరించిన ప్రామాణిక లిథియంతో, అదే గాఢత దగ్గర, అదే సెట్టింగుల్లో మళ్లీ చేయండి. ప్రకృతి లిథియానికి అసలు నిష్పత్తి 12.2 దగ్గర ఉంటుంది. పరికరంలో మీకు అదే అంకె రాకపోవచ్చు, ఎందుకంటే బరువు అయాన్లు, తేలిక అయాన్లు డిటెక్టర్ దాకా సమానంగా చేరవు. లిథియం లాంటి తేలిక మూలకానికి ఈ పక్షపాతం ఎక్కువ. అందుకే ఒక్క కొలత చూసి తీర్పు చెప్పకూడదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీ సీసాకు ప్రామాణికం కంటే రెండింతలు వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

తూకం మీద దీని ప్రభావం చాలా తక్కువ, అందుకే మీకు అక్కడ దొరకలేదు. 3.75 శాతం లిథియం-6తో సగటు ద్రవ్యరాశి 6.978 అవుతుంది. లిథియం కార్బొనేట్ అణుభారంలో అది వెయ్యికి ఒకటి మాత్రమే. టైట్రేషన్ చేసేవాళ్లు దాన్ని ఎప్పటికీ గమనించకపోవచ్చు. ఐసోటోపులను విడివిడిగా చదివే మీలాంటివాళ్లకే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆదిత్య

సీసం కూడా ఇలాంటిదే, అయితే అక్కడ మనుషులు చేసిందేమీ లేదు. యురేనియం, థోరియం క్షయమయ్యాక చివరికి సీసమే మిగులుతుంది, కానీ వేర్వేరు ఐసోటోపులు. యురేనియం-238 నుంచి సీసం-206, థోరియం నుంచి సీసం-208. 1914లో థియోడర్ రిచర్డ్స్ యురేనియం ఖనిజాల్లోని సీసాన్ని తూస్తే మామూలు సీసం కంటే తేలికగా తేలింది. మామూలుది 207.2 అయితే, యురేనియం ఖనిజాల్లోది 206 వైపు జరుగుతుంది. రసాయన ధర్మాల్లో రెండింటికీ తేడా లేదు. ఒకే మూలకానికి పుట్టిన చోటును బట్టి బరువు మారుతుందని త్రాసుతోనే తేలింది, అదీ ఆస్టన్ పరికరం రాకముందే.

పవన్ ఇంజనీర్

ఇప్పటికి నాకు చాలా స్పష్టంగా ఉంది. కానీ లెక్క ఉల్టాగా ఇస్తే? సగటు ఇచ్చి శాతాలు కనుక్కోమంటే?

సుబ్బారావు మాస్టారు

బోరాన్‌తో చేద్దాం. సగటు 10.81. బోరాన్-10 ద్రవ్యరాశి 10.0129, బోరాన్-11 ద్రవ్యరాశి 11.0093. రెండే ఐసోటోపులు కాబట్టి ఒకదాని వాటా x అయితే ఇంకోదాని వాటా 1 − x.

10.0129x + 11.0093(1 − x) = 10.81
0.9964x = 0.1993
x = 0.200

అంటే బోరాన్-10 సుమారు 20 శాతం, బోరాన్-11 సుమారు 80 శాతం. చెయ్యి వెయ్యకముందే జవాబు ఎటువైపు ఉంటుందో ఊహించాలి నాయనా. 10.81 అనేది 11కి దగ్గర, కాబట్టి బోరాన్-11 ఎక్కువ ఉండాలి. 80 శాతం బోరాన్-10కి వచ్చిందంటే x ఎవరిదో మర్చిపోయావన్నమాట. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా తగిలేది ఇదే. రెండోది, శాతాలు పట్టించుకోకుండా రెండు ద్రవ్యరాశులు కలిపి రెండుతో భాగించడం. అలా చేస్తే క్లోరిన్ 36 అయి కూర్చుంటుంది.

ఈ పద్ధతి రెండు ఐసోటోపులున్న మూలకాలకే. మూడు ఉంటే తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటే. మెగ్నీషియానికి మూడు ఐసోటోపులు. దాని సగటు ఒక్కటి ఇచ్చి మూడు శాతాలూ కట్టమంటే ఎవరివల్లా కాదు, ఇంకో సమాచారం కావాలి.

శ్రావ్య

మాస్టారూ, బోరాన్‌ను 10, 11 పెట్టి కూడా చేసి చూశాను. 19 శాతం వచ్చింది. ద్రవ్యరాశులు సరిగ్గా పెడితే 20. సగటులో 0.01 తేడా కూడా ఉల్టా లెక్కలో ఒక శాతం అవుతోంది. అంటే ఉల్టా లెక్కలో ద్రవ్యరాశి సంఖ్యలు వాడితే ఇంకా ప్రమాదం అన్నమాట.

మేడమ్, ఒకటి అడగొచ్చా? క్లోరిన్-35 మూడు వంతులు, క్లోరిన్-37 ఒక వంతు ఉండాలని ఎక్కడ నిర్ణయమైంది? బంధన శక్తి ఎక్కువ ఉన్నదే ఎక్కువగా ఉంటుందా?

మాధవి (మాస్ స్పెక్)

అలా అనుకోవడం సహజమే కానీ కుదరదు. ఒక్కో కణానికి చూస్తే క్లోరిన్-37 కాస్త గట్టిగా ముడిపడింది, అయినా తక్కువగా ఉన్నది అదే. ఈ నిష్పత్తులు నక్షత్రాల్లో మూలకాలు తయారైనప్పటివి. అక్కడ ఏ ఐసోటోపు ఏ చర్యలో ఎంత పుట్టింది, ఎంత ఖర్చయింది అన్నదే లెక్క. దాని వివరాలు నా రంగం కాదు.

ఆదిత్య

నక్షత్రాల సంగతి ఒక్కటే సరిపోదు మాధవి గారూ. ఆర్గాన్ చూడండి. మన గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40, అందుకే పట్టికలో 39.95. అది రాళ్లలోని పొటాషియం-40 క్షయం వల్ల భూమి మీదే పుట్టింది. సూర్యుడిలో ఎక్కువగా ఉన్నది ఆర్గాన్-36. సూర్యుడి మీద పట్టిక రాస్తే ఆర్గాన్ విలువ 39.95 ఉండదు, పొటాషియం కంటే తేలికే అవుతుంది. ఇక్కడ మాత్రం ఆర్గాన్ 39.95, దాని తర్వాతి పొటాషియం 39.10.

శ్రావ్య

అయితే పట్టికలో ఉన్నవి భూమి మీది సగటులు మాత్రమేనా? మరి చంద్రుడి రాళ్లకు, ఉల్కలకు క్లోరిన్ 35.45 వాడొచ్చా?

మాధవి (మాస్ స్పెక్)

పట్టిక విలువలు మామూలుగా భూమి మీద దొరికే పదార్థాలకే. బయటినుంచి వచ్చిన నమూనా అయితే ఆ నమూనాలోనే ఐసోటోపులు కొలిచి సగటు కట్టుకోవాలి. క్లోరిన్‌లో తేడా ఎంత ఉంటుందన్నది ఏ రాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉల్కల మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి.

లలిత

రెండు ద్రావణాలూ ఇప్పుడే నడిపాను. ప్రామాణికంతో పోలిస్తే మా సీసాలోని 7, 6 నిష్పత్తి రెండింతలకు కొంచెం ఎక్కువే వచ్చింది. కొత్త ప్రామాణికంతో క్రమాంకనం మొదటినుంచి చేస్తున్నాను. పాత ఫలితాలను ఆ నిష్పత్తితో సరిదిద్దవచ్చా, లేక నమూనాలన్నీ మళ్లీ చదవాలా?

మాధవి (మాస్ స్పెక్)

అన్నీ ఒకే సీసాతో చేసినవైతే 7 దగ్గరి ఫలితాలను సరిదిద్దవచ్చు. ముందు ఆ సీసాలోని వాటాలు లెక్కకట్టి, 0.96 బదులు మీ సొంత నిష్పత్తి వాడండి. 6 దగ్గరివి సరిదిద్దకండి, అక్కడ సంకేతం చిన్నది, దోషం పెద్దది. మధ్యలో సీసా మారిందేమో రిజిస్టర్‌లో బ్యాచ్ నంబర్లు చూసుకోండి. మారి ఉంటే ఆ నమూనాలు మళ్లీ చదవాల్సిందే.